మిద్దె తోట మట్టి: నీళ్లు పోశాక గాలి ఎంత మిగులుతుంది?

అందరికీ నమస్కారం. ఈ పూట విత్తనాలు, పురుగుమందులు, పందిళ్ల సంగతి పక్కన పెడదాం. తొట్టిలో ఏం నింపాలన్న ఒక్క విషయం మాట్లాడతాను. హైదరాబాద్‌లో మేడ మీద టమాటా, వంకాయ, మిర్చి పెంచేవాళ్లు ఎక్కువగా వాడేది పదిహేను అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ఉండే గ్రో బ్యాగ్. అందుకే అదే కొలతతో చెబుతాను. మిగతా తొట్లకు మీరే లెక్క వేసుకోవచ్చు.

ముందు అందరూ అడిగే ప్రశ్న. మట్టి ఎంత, కోకోపీట్ ఎంత, కంపోస్ట్ ఎంత? ఒకరు మూడూ సమానం అంటారు, ఒకరు నలభై-ముప్పై-ముప్పై అంటారు, మట్టే వద్దనేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఒకరి ఎర్రమట్టి, ఇంకొకరి ఎర్రమట్టి ఒకటి కాదు. చెలక మట్టిలో ఇసుక పాలు ఎక్కువ. పునాదులు తవ్వినచోట నుంచి వచ్చే ఎర్రమట్టి చాలాసార్లు బంకగా ఉంటుంది. ఈ రెంటినీ ఒకే పాళ్లలో కలిపితే ఒకదాంట్లో మొక్క బాగా ఎదుగుతుంది, ఇంకోదాంట్లో వేర్లు కుళ్లిపోతాయి. అందుకే పాళ్లకన్నా ముందు చూడాల్సింది, నీళ్లు పోశాక ఆ మిశ్రమంలో గాలి ఎంత మిగులుతుందన్నది.

పొలంలో ఈ సమస్య ఇంతగా ఉండదు. అక్కడ మట్టి కిందికి కొన్ని అడుగుల లోతు ఉంటుంది, నీటిని కింది మట్టి లాక్కుంటూ పోతుంది. తొట్టిలో కింద మట్టి లేదు. రంధ్రం దగ్గరికి వచ్చిన నీళ్లు అక్కడ ఆగిపోతాయి. పైనుంచి ఇంకొంచెం బరువు పడితేనే చుక్కగా జారతాయి. ఉతికి తీగ మీద ఆరేసిన దుప్పటి చూడండి. పైభాగం ఆరిపోయినా కింది అంచు తడిగానే ఉంటుంది. తొట్టి అడుగు కూడా అంతే. నీళ్లు పోసిన ప్రతిసారీ అడుగున కొంత మందం పూర్తిగా తడితో నిండి ఉంటుంది. సన్నటి మట్టి అయితే ఆ తడి పొర ఎత్తుగా, గరుకైన మిశ్రమమైతే తక్కువ ఎత్తులో ఉంటుంది. ఆ పొరలో వేరుకి ఊపిరి ఆడదు.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. చాలామంది తొట్టి అడుగున రెండు మూడు అంగుళాలు గులకరాళ్లో, ఇటుక ముక్కలో వేసి, పైన మట్టి నింపుతారు. నీళ్లు బాగా దిగుతాయని వాళ్ల ఉద్దేశం. నిజానికి సన్నటి మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీళ్లు తేలిగ్గా దిగవు. తడి పొర అలాగే ఉంటుంది. కాకపోతే అది ఇప్పుడు రాళ్ల మీదికి, అంటే వేర్లకి ఇంకా దగ్గరికి వస్తుంది. ఉన్న లోతులో మూడు అంగుళాలు పోగొట్టుకున్నట్టే. రంధ్రం మీద పెంకు ముక్క గానీ, చిన్న నెట్ గుడ్డ గానీ పెట్టండి చాలు. మట్టి కారిపోకుండా ఆపడమే దాని పని.

ఇక ఇటు చూడండి. ఇవి రెండూ లీటరు నీళ్ల సీసాలు. మూతి దగ్గర కోసేశాం. కాల్చిన మేకుతో అడుగున ఐదేసి రంధ్రాలు చేసి, బయటి నుంచి టేపు అంటించాం. ఒకదాంట్లో ఉత్త ఎర్రమట్టి, ఇంకోదాంట్లో మిశ్రమం. రెండూ కాస్త చెమ్మగా ఉన్నాయి, నేలకేసి రెండుసార్లు తట్టి సర్దాం. రెంట్లోనూ తొమ్మిది వందల మిల్లీలీటర్ల గీత వరకు నింపాం. ఇప్పుడు మెల్లగా నీళ్లు పోస్తున్నాను. పైన నీటి మెరుపు కనబడేదాకా పోయాలి, పావుగంట ఆగాలి, తగ్గితే మళ్లీ పోయాలి. ఈలోపు మనం కోకోపీట్ సంగతి చూద్దాం. తర్వాత టేపు తీసి ఎంత నీరు కారుతుందో కొలుద్దాం. అలా కారిపోయిన నీటి చోటే గాలి ఉండే చోటు.

కోకోపీట్ అంటే కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలే పొట్టు. కోనసీమ నుంచి, తమిళనాడులోని పొల్లాచి వైపు నుంచి, కేరళ నుంచి ఇటుకలుగా నొక్కి పంపిస్తారు. ఐదు కిలోల ఇటుక నానబెడితే అరవై లీటర్లకు పైగా అవుతుంది. ఆరువందల యాభై గ్రాముల చిన్న ఇటుక ఎనిమిది తొమ్మిది లీటర్లు అవుతుంది. కొలత ఎప్పుడూ నానాకే తీసుకోవాలి. ఒక కిలో కోకోపీట్‌కి ఒక కిలో మట్టి అని తూకం లెక్కన కలిపితే, తొట్టిలో మొత్తం పొట్టే కనబడుతుంది. ఈ మిశ్రమాలన్నీ బకెట్ కొలతే, కిలోల కొలత కాదు.

ఈ పొట్టులో ఉప్పు ఉంటుంది. కొబ్బరి చెట్టు సహజంగా పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఎక్కువగా తీసుకుంటుంది. దానికి తోడు కాయల డొక్కలను ఉప్పు కలిసిన నీళ్లలో నానబెట్టి ఉంటే ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ మీద 'లో ఈసీ' అని రాసి ఉంటే కడిగినదని అర్థం. రాసి ఉన్నా ఒకసారి చూసుకోవడం మంచిది. నీళ్ల టీడీఎస్ చూసే చిన్న పెన్ను చాలామంది ఇళ్లలో ఉంటుంది, అది చాలు. నానిన కోకోపీట్ ఒక గ్లాసు, నీళ్లు రెండు గ్లాసులు కలిపి అరగంట ఉంచండి. గుడ్డలో వడకట్టి ఆ నీటి టీడీఎస్ చూడండి. అందులోంచి మీ మామూలు నీటి టీడీఎస్ తీసేయండి. బోరు నీళ్లు అయితే ఈ తీసివేత మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ నీళ్లలోనే చాలా ఉంటుంది. తేడా 250 లోపు ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 500 దాటితే మళ్లీ కడగాలి. పెన్ను లేనివాళ్లు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ గోధుమ రంగు నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టడం మూడుసార్లు చేయండి. ఆ నీళ్లు మొక్కలకు పోయవద్దు.

కడిగితే విడి ఉప్పు పోతుంది. కానీ పొట్టు రేణువులకు అంటుకున్న సోడియం, పొటాషియం కొంత పోదు. అది మెల్లగా విడుదలవుతూ, బదులుగా మనం ఇచ్చే కాల్షియంని పొట్టు పట్టేసుకుంటుంది. టమాటా కాయ అడుగుభాగం నల్లగా, తోలులాగా గుంటపడటం చూసి ఉంటారు. కాయకి కాల్షియం అందకపోతే వచ్చే లక్షణం అది. ఒకరోజు ఎండగట్టి, మరుసటి రోజు ముంచెత్తే నీటి పద్ధతి వల్లా వస్తుంది, ఈ పొట్టు వల్లా వస్తుంది. మందు సులువే. కడిగిన పొట్టుని, లీటరు నీటికి మూడు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి, పొద్దున పిండేయాలి. కాల్షియం వెళ్లి సోడియంని బయటికి తోస్తుంది. రసాయనం వద్దనుకునేవాళ్లు మిశ్రమంలో బ్యాగ్‌కి రెండు చెంచాల జిప్సం కలుపుకోవచ్చు. ఇది అంత చురుగ్గా పనిచేయదు, కానీ చేస్తుంది.

ఒక మాట అడిగారు కదా అమ్మా, మీరు మళ్లీ గట్టిగా అడగండి, అందరికీ వినబడుతుంది.

"కోకోపీట్ తేలిక కదండీ, మట్టి తగ్గించి అదే ఎక్కువ వేస్తే బరువు తగ్గుతుంది కదా?"

తగ్గుతుందమ్మా. అయితే కోకోపీట్‌లో మొక్కకి తినడానికి ఏమీ లేనట్టే లెక్క. పైగా అది మెల్లగా కుళ్లేటప్పుడు అందులోని సూక్ష్మజీవులు మిశ్రమంలో ఉన్న నత్రజనిని తమకోసం వాడుకుంటాయి. పచ్చిగా, లేత బంగారు రంగులో ఉన్న కొత్త పొట్టు అయితే ఇంకా ఎక్కువ. అప్పుడు నారు నాటిన రెండు మూడు వారాలకే కింది ఆకులు సమంగా పాలిపోతాయి. ఇంకో చిక్కు, పొట్టు పైభాగం ఎండినట్టు కనబడినా లోపల తడిగా ఉంటుంది. పైన చూసి రోజూ పోస్తూ ఉంటే, వానాకాలంలో వేర్లు మునిగిపోతాయి. మట్టి ఉంటే పోషకాలను పట్టుకుని ఉంచుతుంది, బ్యాగ్‌ని గాలికి ఒరగకుండా నిలబెడుతుంది. అందుకని మూడో వంతు దాటించవద్దంటాను.

ఇప్పుడు కంపోస్ట్. వర్మీ కంపోస్ట్ అయినా, చివికిన పశువుల ఎరువైనా, మేకల ఎరువైనా, వంటింటి చెత్తతో చేసిందైనా నాకు పట్టింపు లేదు. అది పూర్తిగా చివికిందా లేదా అన్నదే పట్టింపు. పచ్చి పేడ తొట్టిలో పడితే వేడెక్కుతుంది, అమ్మోనియా ఘాటు వస్తుంది, లేత వేర్లు మాడతాయి. సగం చివికిన పేడకుప్పలో తెల్లగా, లావుగా, ముడుచుకుని ఉండే వేరు పురుగు కూడా వస్తుంది. కొనేటప్పుడే జల్లెడ పట్టి చూడండి. చేతిలోకి తీసుకుంటే తొలకరి మట్టి వాసన రావాలి. పుల్లటి వాసన, పేడ వాసన, ఘాటు వస్తే ఇంకా టైమ్ ఉంది. తడిపి కవర్‌లో గట్టిగా కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు దుర్వాసన వచ్చినా, కవర్ వేడిగా ఉబ్బినా అది సిద్ధం కాలేదు. ఇంకా నమ్మకం కావాలంటే ఒక చిన్న గిన్నెలో కంపోస్ట్, ఇంకో గిన్నెలో మామూలు మట్టి తీసుకుని, ఇరవై మెంతులు చొప్పున వేయండి. మెంతులు మూడు రోజుల్లో మొలకెత్తేస్తాయి. కంపోస్ట్ గిన్నెలో సగమే మొలిచినా, మొలిచినవి పసుపుగా వంకర తిరిగినా, ఆ కంపోస్ట్‌ని ఇంకో నెల పక్కన పెట్టాలి.

కంపోస్ట్ మంచిదే కదా అని సగానికి సగం నింపేవాళ్లుంటారు. రెండు నెలల్లో అది చివికి కుంగిపోతుంది, బ్యాగ్‌లో మట్టి నాలుగు అంగుళాలు దిగిపోతుంది. మొక్క మాత్రం ఆకు మీద ఆకు వేసి, పూత ఆలస్యం చేస్తుంది. అందులోనూ ఉప్పు ఉంటుంది, ఎక్కువైతే ఆకు అంచులు కాలినట్టు అవుతాయి. ఆకుకూరలకైతే నేను కొంచెం ఎక్కువకే ఒప్పుకుంటాను. తోటకూర, పాలకూర నెలరోజుల పంట, వాటికి కావాల్సింది ఆకే.

సరే, సీసాలు చూద్దాం. పావుగంట దాటింది. టేపు తీస్తున్నాను, కింద గిన్నె పెట్టండి. కారడం పూర్తయ్యేదాకా అరగంట పడుతుంది, మనం మాత్రం పది నిమిషాలకే చదువుదాం. ఎర్రమట్టి సీసా నుంచి చుక్కచుక్కగా వచ్చింది, ముప్పై మిల్లీలీటర్లు. మిశ్రమం నుంచి నూట ముప్పై. తొమ్మిది వందల్లో ముప్పై అంటే మూడు శాతం చిల్లర. నూట ముప్పై అంటే పద్నాలుగు శాతం పైమాట. కూరగాయ మొక్కల తొట్టికి పది నుంచి ఇరవై శాతం ఉంటే చాలా బాగున్నట్టు. అరగంట ఆగితే ఇంకొంచెం కారుతుంది. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. సీసా ఎత్తు తక్కువ, బ్యాగ్ ఎత్తు ఎక్కువ. కాబట్టి బ్యాగ్ మొత్తానికి సగటున గాలి ఇంకా ఎక్కువే ఉంటుంది. అంటే సీసాలో పాసైతే బ్యాగ్‌లో భయం లేదు. సీసాలో పది కంటే తక్కువ వస్తే మట్టి తగ్గించి, ముతక ఇసుక గానీ, గరుకు పొట్టు గానీ కలపండి. ఇరవై ఐదు దాటితే ఎండాకాలంలో రెండుపూటలా నీళ్లు పోయాల్సి వస్తుంది, అప్పుడు కంపోస్ట్ గానీ మట్టి గానీ కాస్త పెంచండి.

ఇప్పుడు లెక్క. పదిహేను బై పదిహేను బ్యాగ్‌లో అంచుకి రెండు అంగుళాలు వదిలి నింపితే ముప్పై ఏడు లీటర్లు పడుతుంది. మనం పది లీటర్ల బకెట్ వాడదాం. ఎర్ర చెలక మట్టి ఒక బకెట్టున్నర, కొంచెం పైన. నానబెట్టి పిండిన కోకోపీట్ ఒక బకెట్ మీద ఐదో వంతు. కంపోస్ట్ కూడా అంతే. మొత్తం నాలుగు బకెట్లు, అంటే నలభై లీటర్లు. ముప్పై ఏడుకి నలభై ఎందుకంటారా? సన్న రేణువులు గరుకు రేణువుల మధ్య ఇరుక్కుంటాయి. కలిపాక నాలుగు బకెట్లు నాలుగు బకెట్లుగా ఉండవు, తగ్గుతుంది. పైగా మొదటి నీటితో ఇంకా కుంగుతుంది. ఐదు కిలోల ఇటుక ఒకటి నానబెడితే ఇలాంటి ఐదు బ్యాగ్‌లకు సరిపోతుంది.

బంక ఎర్రమట్టి అయితే మట్టి ఒక బకెట్‌కి తగ్గించి, తగ్గించిన ఆరు లీటర్ల చోట కడిగిన ముతక ఇసుక వేయండి. ప్లాస్టరింగ్‌కి వాడే సన్న ఇసుక వద్దు, అది ఖాళీలను పూడ్చేస్తుంది. నల్లరేగడి తొట్టికి పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి వేర్లు తెగుతాయి. వేరే మట్టి దొరకని ఊళ్లో, పదిలో ఒక వంతు మించకుండా వేసుకోండి.

దీనికి బ్యాగ్‌కి వంద గ్రాములు, అంటే రెండు గుప్పిళ్ల వేప పిండి కలుపుతాం. వేప పిండి కలిపిన రోజే నారు నాటవద్దు. అది చివికేటప్పుడు వేడి పుడుతుంది. మిశ్రమాన్ని పిండితే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోయేంత చెమ్మతో పరదా మీద కుప్పగా పోసి, గోనెసంచి కప్పి, రెండు వారాలు ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. నొక్కినప్పుడు వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే చెమ్మ ఎక్కువైనట్టు, ముద్దే కట్టకపోతే తక్కువైనట్టు. నింపేటప్పుడు కాలితో, పిడికిలితో కూరవద్దు. బ్యాగ్‌ని రెండుసార్లు నేలకి తట్టండి, అంతే. మిగిలింది నీళ్లే సర్దుతాయి.

మొక్క వాడుతూ కనబడితే ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? మట్టి తడిగా ఉండగానే మొక్క వాడుతూ, తవ్వితే పుల్లటి వాసన, వేరు గోధుమ రంగులో మెత్తగా ఉంటే గాలి చాలట్లేదు. నీళ్లు ఆపండి, బ్యాగ్ కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తండి. మట్టి వాసన బాగుండి, కింది ఆకులు మాత్రమే సమంగా పాలిపోతే అది నత్రజని కొరత. వేరుశనగ పిండిని మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి వారానికోసారి పోయండి. ఆకు అంచు కాలినట్టుండి, బ్యాగ్ పైన తెల్లటి పొర కడితే అది ఉప్పు. అప్పుడు బ్యాగ్ అడుగున ధారాళంగా కారేలా మంచినీళ్లు ఒకసారి బాగా పోయాలి. ఈ మూడింటికీ ఎరువే మందనుకుని ఇంకో గుప్పెడు వేస్తే, మొదటిదానికి, మూడోదానికి హాని చేసినట్టే.

ఇంకొకాయన చేయి ఎత్తారు, చెప్పండి.

"సార్, పంట అయ్యాక ఈ మట్టి పారేయాలా?"

పారేయొద్దండి. మొక్క పీకినప్పుడు వేర్లు చూడండి. వేరు మీద గింజల్లాంటి బుడిపెలు ఉంటే నులిపురుగులున్నట్టు. ఆ మట్టిని ఏప్రిల్, మే నెలల్లో తడిపి, మేడ మీద నాలుగు అంగుళాల మందంలో పరిచి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి పోకుండా బరువు పెట్టి ఒక నెల ఉంచండి. ఎండ వేడికి చాలావరకు తగ్గిపోతాయి. బుడిపెలు లేని మట్టి అయితే వేర్లు ఏరేసి, దిగిపోయినంత మేర, సుమారు నాలుగో వంతు, కొత్త కంపోస్ట్ కలిపి మళ్లీ నింపుకోండి. ఒకటే నియమం. టమాటా, వంకాయ, మిర్చి ఒకే కుటుంబం. వాటి తర్వాత అదే మట్టిలో గోరుచిక్కుడో, బెండో, ఆకుకూరో వేయండి.

"బరువు సంగతి చెప్పండి, మా అపార్ట్‌మెంట్ వాళ్లు అదే అడుగుతున్నారు."

చెబుతాను. ఇళ్ల పైకప్పు మీద జనం వెళ్లే చోట, చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుని డిజైన్ చేయాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. నలభై లీటర్ల ఉత్త మట్టి, తడిసి ఉంటే అరవై ఐదు కిలోలు దాటుతుంది. ఇదే మిశ్రమం తడిసినప్పుడు దాదాపు నలభై ఐదు కిలోలు. చదరపు మీటరుకి మూడు బ్యాగ్‌లు పెడితే మట్టితో 195, మిశ్రమంతో 135. ఆ 150లో మనుషులు, నీళ్ల తొట్టి, మిగతా సామాను కూడా ఉన్నాయి కాబట్టి సగటున రెండు బ్యాగ్‌లు చాలు. బరువైనవి బీముల మీద, గోడల వెంబడి పెట్టండి, స్లాబ్ నడిమధ్యన వద్దు. బాల్కనీ బయటికి పొడుచుకొచ్చినదైతే గోడవైపు పెట్టండి, రెయిలింగ్ వైపు పేర్చవద్దు. పాత బిల్డింగ్ అయితే బ్యాగ్‌లు తెచ్చే ముందే ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి.